సామాను మాది, కూలి నీది

పాలిటెక్నిక్‌లో మాకు నేర్పిన మొదటి సంగతి, ఏ యంత్రమైనా ఆగితే భాగాలుగా విడదీసి చూడాలని. రేటు విషయంలో కూడా నేను అదే చేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

నా పని నీళ్ల ప్లాంట్లు చూసుకోవడం. బోరు నీటిని శుద్ధి చేసి ఇరవై లీటర్ల క్యాన్లలో అమ్మే చిన్న ప్లాంట్లు మా వైపు ప్రతి కాలనీలోనూ ఉంటాయి. నెలకోసారి వెళ్లి ఇసుక ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్ ఎదురు నీటితో కడుగుతాను. బురదను ఆపే దారం కార్ట్రిడ్జ్‌లు మారుస్తాను. నీటిలోని ఉప్పును వడకట్టే మెంబ్రేన్ మీద సున్నం పట్టకుండా వేసే మందు ఎంత పడుతోందో చూస్తాను. లోపలికి వెళ్లే నీటిలోనూ బయటికి వచ్చే నీటిలోనూ ఉప్పు కొలిచి, గంటకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో చూసి గోడ మీది కార్డులో రాస్తాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో రెండేళ్లు ఇదే పని జీతానికి చేసి, జగిత్యాలకు వచ్చి సొంతంగా మొదలుపెట్టాను. జగిత్యాలలో నాలుగు, కోరుట్లలో మూడు, సిరిసిల్లలో నాలుగు, మొత్తం పదకొండు ప్లాంట్లు. ఒక్కోదానికి నెలకు పదిహేను వందలు, కార్ట్రిడ్జ్‌లు, మందు అన్నీ కలిపి. మూడేళ్లు అదే రేటు.

మూడేళ్లలో కార్ట్రిడ్జ్ ధర పెరిగింది, మందు ధర పెరిగింది, పెట్రోలు సంగతి చెప్పక్కర్లేదు. నాలుగో ఏడు మొదట్లో కూర్చుని చూస్తే, సిరిసిల్ల వెళ్లి వచ్చిన రోజు నాకు మిగిలేది అడ్డా మీది కూలి కంటే తక్కువని తేలింది. రేటు పెంచకపోతే ఈ పని నడవదు. పెంచితే సిరిసిల్ల పోవచ్చు. సిరిసిల్లలోని నాలుగూ ఒకే మనిషి మాట మీద ఉన్నవి, రెండు ఆయనవి, రెండు ఆయన బామ్మర్దివి. ఆ నాలుగూ పోతే మిగిలిన ఏడింటితో బతకలేను. మళ్లీ ఆ కంపెనీకే ఫోన్ చేసి, మళ్లీ జీతానికి చేరాలి. ఎటు చూసినా గోడే.

ఆయనను నేను కాకా అంటాను. వరసేమీ లేదు. నా మొదటి పని ఆయనే ఇచ్చాడు. పూర్వం ఎనిమిది సాంచాలు నడిపినవాడు. సాంచె అంటే సిరిసిల్లలో మరమగ్గం. గిట్టుబాటు కాక అవి అమ్మేసి, అదే షెడ్డులో నీళ్ల ప్లాంటు పెట్టాడు. గోడలకు ఇప్పటికీ నూలు దుమ్ము పట్టి ఉంటుంది. నేను వెళ్లగానే "రా తమ్మీ, తిన్నవా?" అంటాడు. తినలేదంటే ఇంట్లోంచి కంచం వస్తుంది. ఎవరితోనైనా "మనోడే, మన పిలగాడే" అని పరిచయం చేస్తాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా నోరు కట్టేసినట్టవుతుంది. పిలగాడు రేటు పెంచడు కదా.

అందుకే నోటితో చెప్పకుండా కాగితంతో చెప్పాలనుకున్నాను. ఒక పేజీలో తొమ్మిది వరుసలు. కార్ట్రిడ్జ్‌లు అప్పుడెంత, ఇప్పుడెంత. మందు అప్పుడెంత, ఇప్పుడెంత. పెట్రోలు, దారిలో పోయే సమయం, పని సమయం, ఉప్పు కొలిచే మీటరు అరుగుదల, ఇలా. చివర్లో మొత్తం: రెండు వేల వంద. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎవరూ కాదనలేరని నమ్మాను. జగిత్యాలలో జిరాక్స్ తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఫిబ్రవరిలో సిరిసిల్ల వెళ్లాను.

కాక కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చెవి మీది పెన్సిలు తీశాడు.

"గీ పెట్రోలు ఎందుకు రాసినవ్? నువ్వు వేములవాడ రాజన్న దర్శనానికి రావా ఏంది? గటు వచ్చినోనివి గిటు వస్తవ్."

"కాకా, నేను నెల నెలా మొక్కులకు రాను."

"వస్తే పుణ్యమన్న వస్తది." పెన్సిలుతో ఆ వరుస కొట్టేశాడు. "టైము అని రెండు తాన్ల రాసినవ్. తొవ్వల బండి మీద కూసున్నందుకు గూడ పైసలా? గట్లయితె నేను గీడ కుర్సీల కూసున్నందుకు నాకెవ్వడిస్తడు?"

పక్కన క్యాన్లు కడుగుతున్న బామ్మర్ది పకపకా నవ్వాడు. "బావా, మీటరు అరిగిందంట సూడు. మీటరేమన్న కాలి చెప్పా అరగనీకె?"

నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

కాక పెన్సిలు మొదటి వరుస దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన ముఖం మారింది. అంతవరకు ఆటగా ఉన్నవాడు, తనకు బాగా తెలిసిన వస్తువు చేతికి దొరికినట్టు చూశాడు.

"సామాను గింత, పని గింత. నువ్వే ఇడగొట్టి రాసినవ్ కద. మంచిగైంది. ఇగ సామాను మేమే తెచ్చుకుంటం. కార్ట్రిడ్జ్‌లు, మందు మావి. నువ్వు వచ్చి ఎయ్యి. సామాను మాది, కూలి నీది. మా సాంచాల కాడ గట్లనే నడుస్తది. నూలు సేటుది, పడుగు సుట్టిన బీము సేటుది, నేసుడు నేసెటోనిది. ఎన్నడన్న లొల్లైందా?"

సిరిసిల్లలో పుట్టిన ఎవరైనా ఆ కాగితాన్ని అలాగే చదువుతారని నాకు అప్పుడు అర్థమైంది. అక్కడ నూలు ఒకరిది, కష్టం ఒకరిది. అది వారికి ఊపిరి ఎంత సహజమో అంత సహజం. ఆ కాగితంతో నేను ప్లాంటు చూసుకునేవాణ్ని కాకుండా పోయి, కూలి మనిషినయ్యాను. కూలికి ఒక రేటు ఉంటుంది. అది నేసేవాడు చెప్పడు.

ప్లాంటుకు నెలకు ఎనిమిది వందలన్నాడు. వెయ్యి అడిగాను. తొమ్మిది వందల దగ్గర "ఇగ మాట అయిపోయింది, చాయ్ తాగు" అన్నాడు. చాయ్ వచ్చింది. తాగాను. తాగిన తర్వాత ఇంకేం మాట్లాడగలను?

నేను తెచ్చే కార్ట్రిడ్జ్ గట్టిగా, దగ్గర దగ్గర పొరలతో ఉండేది. వాళ్లు తెచ్చింది సగం ధరది. చూడ్డానికి తెల్లగా, లావుగా, అదే కొలతలో ఉంటుంది. వేలితో నొక్కితే దూదిలా లోపలికి పోతుంది. అందులోంచి సన్నటి ఒండ్రు దాటిపోయి మెంబ్రేన్‌లో చేరుతుంది. ఆ మాట మొదటి నెలలోనే చెప్పాను.

"కంపెనోళ్లు గట్లనే చెప్తరు తమ్మీ. తెల్లగున్నదా లేదా? ఎయ్యి."

వేశాను. మార్చిలో, ఏప్రిల్‌లో వేశాను. మే నెలలో బోరులో నీళ్లు కిందికి పోయి బురద రంగు మొదలైంది. గంటకు ఐదు వందల లీటర్లు ఇవ్వాల్సిన కాక షెడ్డులోని ప్లాంటు మూడు వందలకు పడింది. గేజీలు చూస్తే తెలిసిపోతోంది: మెంబ్రేన్ ముందర ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ, మంచి నీళ్లు సన్నగా వస్తున్నాయి, మిగతాదంతా మురుగు మోరీలోకి. బయట ట్రాలీ ఆటోలో ఖాళీ క్యాన్లు, మీద ఎండ.

"ఏమాయె తమ్మీ? నువ్వే కద సూసేది?"

"కాకా, కార్ట్రిడ్జ్ సంగతి చెప్పిన కద."

"చెప్పినవ్. గని ఏసింది ఎవరు?"

నిజంగానే వేసింది నేనే. సామాను వారిది, కూలి నాది, తప్పు మాత్రం ఎవరిదో ఆ ఒప్పందంలో లేదు. ఆ నెలలో మూడుసార్లు సిరిసిల్ల వెళ్లి మెంబ్రేన్ మందుతో కడిగాను. సున్నం పడితే నిమ్మ ఉప్పుతో కొంత వదులుతుంది. ఒండ్రు పొరల మధ్య ఇరుక్కుంటే వదలదు. మూడుసార్లకూ డబ్బు అడగలేదు, అడిగే మొహం లేదు. చివరికి కాకే కొత్త మెంబ్రేన్ కొన్నాడు. కొని, నెల రోజులు నన్ను 'తిన్నవా' అని అడగలేదు.

ఆ రోజుల్లో సాయంత్రం సిరిసిల్ల నుంచి తిరిగి వస్తుంటే, కొడిమ్యాల దాటాక ప్రతిసారీ ఒకే ఆలోచన. కంపెనీకి ఫోన్ చెయ్యడమా, లేదా. నంబరు నా దగ్గర ఉంది. జగిత్యాల పొలిమేర వచ్చేసరికి రేపు చేద్దాంలే అనుకునేవాణ్ని.

కోరుట్లలో కూడా అదే కాగితం చూపించాలి. కానీ సిరిసిల్ల తర్వాత కవరు తీయడానికి చేతులు రాలేదు. అక్కడ ఒక ప్లాంటు ఒక అక్కది. వాళ్ల నాన్న కాలం దాకా ఊళ్లో పరుల పొలంలో పనిచేసిన కుటుంబం, సెంటు భూమి లేదు. ఆమె మహిళా సంఘంలో లోను తీసుకుని చర్చి వెనక గదిలో ప్లాంటు పెట్టింది. ఆటో కూడా తనే నడుపుతుంది. జూన్‌లో నేను కార్బన్ ఫిల్టర్ కడుగుతుంటే గడపలో కూర్చుని అడిగింది.

"ఏంది తమ్ముడు, మొఖం గట్ల వెట్టినవ్? పెండ్లి సంబంధం తప్పిందా?"

"రేటు తప్పిందక్కా."

కాగితం కథ అంతా చెప్పాను. కవరులోంచి తీసి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు సూపియ్యకు. సూస్తె నేను గూడ బేరం ఆడుత. నా గుణం నాకెరుకనే."

తర్వాత తన సంగతి చెప్పింది. ఇంటికి వేసే క్యాను పదిహేను రూపాయల నుంచి ఇరవై చేసిందట, రెండేళ్ల కిందట. నూట పది ఇళ్లలో నాలుగు మాత్రం పోయాయట, అందులో రెండు మళ్లీ వచ్చాయట.

"ఎట్ల చేసినవక్కా?"

"ఎండకాలంల పెంచలే. గొంతెండినప్పుడు పెంచితె సచ్చేదాంక యాదుంచుకుంటరు. చలికాలంల, నీళ్లు ఎవ్వలు సరిగ తాగనప్పుడు, ఇల్లిల్లు తిరిగి చెప్పిన. రెండు నెలల ముంగట. ఫోన్ల కాదు, కాయితం కాదు. ఆళ్ల ఇంటి గల్మల నిలవడి చెప్పిన. ఎందుకు పెరిగిందో చెప్పలే. ఎప్పటిసంది పెరుగుతదో చెప్పిన."

"ఎందుకని అడగలేదా?"

"అడిగిన్రు. అన్నీ పెరిగినయ్ వదినా అన్న. గంతే. కరెంటు బిల్లు గింత, నీ జీతం గింత అని లెక్క చెప్పుకుంట కూసుంటె, ఆళ్లు గా లెక్కల తప్పు తీస్తరు. ఇంగొకటి. నీ అంతల నువ్వచ్చి నింపుకపోతె పదికే అన్న. పోయేటోడు గూడ పోకుంట ఒక తొవ్వ ఇడిసిపెట్టాలె. తలుపులన్నీ మూస్తె గోడ దుంకి పోతరు."

"ఎంతమంది వచ్చి నింపుకుంటున్నరు?"

"ఏడుగురు." నవ్వింది. "క్యాను మోసుడంటె తెల్వదా? గని తొవ్వ ఉన్నదని అందరికి ఎరుక. గదే పెద్దది."

చివర్లో తనే అడిగింది, "మరి నాకెప్పటిసంది పెంచుతవ్?" జనవరి నుంచి అన్నాను. రేటు ఎంతవుతుందో కూడా చెప్పాను. "మంచిది, సరె, గా మోటరు సప్పుడు సూడు ముందు" అంది.

జులై నుంచి అక్టోబరు దాకా అలాగే నడిపాను. తొమ్మిది వందల కూలికి సిరిసిల్ల నాలుగు ప్లాంట్లు, వాళ్ల దూది కార్ట్రిడ్జ్‌లు. మధ్యలో తొందరపడి ఒక్క మాట కూడా అనకుండా ఉండటం, నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. గోడ మీది కార్డుల్లో మాత్రం ప్రతి నెలా ఇంకొంచెం ఎక్కువ రాశాను: గంటకు లీటర్లు ఎన్ని, కిందటి నెల ఎన్ని, కిందటేడు ఇదే నెలలో ఎన్ని. ఎవరికీ చూపించలేదు. అవి అక్కడే వేలాడుతున్నాయి.

దీపావళి దాటాక జగిత్యాల నాలుగింటికీ ముందు చెప్పాను. గడపలో నిలబడి, కాగితం లేకుండా. ఒకాయన "సూద్దాం తియ్" అన్నాడు, ముగ్గురు గొణిగి ఒప్పుకున్నారు. కోరుట్లలో మిగిలిన ఇద్దరూ అక్కకు ఫోన్ చేసి కనుక్కున్నారట. ఆమె "నేనిస్తున్న" అందట. సిరిసిల్ల ఆఖరు.

కాక షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. నేను కూర్చోలేదు.

"కాకా, జనవరి ఒకటి నుంచి ప్లాంటుకు నెలకు రెండు వేల రెండు వందలు. సామానంతా నాది. గంటకు నాలుగు వందల యాభై లీటర్ల కంటె తగ్గితె ఎన్నిసార్లయిన నేనే వచ్చి చూస్త, పైస అడగను. ఏడాది దాకా మళ్ల రేటు మాటెత్తను. అట్ల వద్దంటె, నెల నెలా రాను. పిలిచినప్పుడు వస్త. వచ్చినప్పుడల్లా ఎనిమిది వందలు, సామాను మీది, మెంబ్రేన్ పూచీ నాది కాదు."

ఇంటి దగ్గర పన్నెండుసార్లు అనుకున్న మాటలు. అన్నీ వరసగానే వచ్చాయి.

కాక చెవి మీది పెన్సిలు తీసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. పక్క షెడ్డులో సాంచాల చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆ చప్పుడు లేకపోతే నేనేదో ఒకటి అని చెడగొట్టేవాణ్ని.

"మనోనివనుకున్న."

"మనోన్నే కాకా."

"మనోడు గిట్ల నిలవడి చెప్తడా? కూసోని చెప్పరాదు?"

కూర్చున్నాను. "రెండు వేలు" అన్నాడు. నేను బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. "రెండు వేల యాభై. నా బామ్మర్దిని గూడ ఒప్పిస్త." చాయ్ చెప్పబోయాడు.

"చాయ్ తర్వాత తాగుత కాకా. మీరు ఆలోచన చేసి చెప్పున్రి."

బండి స్టార్ట్ చేశాను. మొదటిసారి ఆ ఇంటి చాయ్ వద్దన్నాను.

ఎనిమిది రోజులు ఫోన్ రాలేదు. రెండో రోజు నుంచే, రెండు వేల యాభైకి ఒప్పుకుంటే ఏం పోయేదని నాలో నేనే బేరం మొదలుపెట్టాను. ఐదో రోజు కంపెనీ నంబరు బయటికి తీశాను. ఏడో రోజు సిరిసిల్లలో ఇంకొక మెకానిక్ తిరుగుతున్నాడని ఎవరో చెప్పారు. తొమ్మిదో రోజు ఉదయం కాక ఫోన్.

"గా కార్డులు సూసిన తమ్మీ. మే నెలల మూడొందలు రాసినవ్. కిందటేడు గా నెలలనే నాలుగొందల ఎనభై ఉన్నది. సరె. నువ్వన్నదే. గని ఒక్క షరతు. నీకు గింత ఇచ్చి నేను పదిహేనుకు క్యాను ఎయ్యలేను. నేను గూడ పెంచాలె. నువ్వచ్చి నా ఎంబడి ఉండి చెప్పాలె."

"నేనెందుకు కాకా?"

"నా నోట్లకెల్లి రాదు. అందరు ఎరుకైనోళ్లే. నువ్వు జగిత్యాలోనివి. మిషన్ల సంగతి తెలిసినోనివి."

కాదంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వెళ్లాను.

నేతకార్మికుల వాడ. సందుకు రెండు వైపులా ఇళ్లు, కొన్ని ఇళ్లలోనే సాంచాలు. కాక ఆటో మొదటి ఇంటి ముందు ఆపి, క్యాను దించే వంకతో ఆటో పక్కనే నిలబడిపోయాడు. గడప దగ్గర నేనొక్కణ్నే. లోపల నడివయసు ఆమె పోగు అతికిస్తోంది. సాంచె ఆపి బయటికొచ్చింది. జుట్టు మీద నూలు దుమ్ము.

"అమ్మా, జనవరి ఒకటి నుంచి క్యాను ఇరవై. మీరే వచ్చి నింపుకుంటే పది, అది పెరగదు."

ఆమె నన్ను చూడలేదు. నా భుజం మీదుగా కాకను చూసింది.

"సేటూ, గీ పిలగాన్ని తెచ్చినవా చెప్పనీకె? నీకు నోరు లేదా?"

కాక క్యాను మూత తిప్పుతున్నాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

"నీ కాడ ఆరేండ్లు నేసిన నేను. బట్ట మీటరుకు పది పైసలు పెంచు సేటూ అంటె ఏమన్నవ్? యాదికున్నదా? పైన సేటు పెంచుతలేడు, నేనెట్ల పెంచుదు అన్నవ్. గిప్పుడు నీళ్లకు మాత్రం పెంచుడు వచ్చిందా?"

"మన చేతుల ఉన్నదా చెల్లే?" కాక గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "పైనుంచి వస్తున్నది. గీ తమ్మి పెంచిండు, నేను పెంచుతున్న."

అప్పుడామె నా వైపు తిరిగింది. నేను చెప్పవలసిన మాట నాకు తెలుసు. అన్నీ పెరిగినయ్ అనాలి. అంతే అనాలి. కార్ట్రిడ్జ్, మందు, పెట్రోలు, ఆ తొమ్మిది వరుసలూ కళ్ల ముందుకు వచ్చాయి. ఒక్కటి కూడా ఆమె గడపలో నిలబడేది కాదు.

"అన్నీ పెరిగినయమ్మా" అన్నాను.

"ఔ బిడ్డా, అన్నీ పెరిగినయ్" అంది. వెటకారం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. లోపలికి తిరుగుతూ కాకతో అంది, "ఇగ రోజిడ్సి రోజు ఎయ్యి. నడుమ దినం మున్సిపాలిటోళ్ల నల్లా నీళ్లే తాగుతం."

సాంచె మళ్లీ మొదలైంది. కాక తన చిన్న పుస్తకంలో ఆ ఇంటి ఎదురుగా ఏదో గీసి, క్యాను లోపల పెట్టి వచ్చాడు. నాలుగు ప్లాంట్లూ నాకు నిలిచాయి. కంపెనీకి ఫోన్ చెయ్యక్కర్లేదు. ఆ సంగతి ఆ సందులోనే, ఆటో పక్కన నిలబడి ఉండగానే అనుకున్నాను, అనుకుని దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పా తమ్మీ" అన్నాడు కాక, ఆటో స్టార్ట్ చేస్తూ. "గా పక్కింట్ల ముసలాయన జెర కోపిష్టి. పైలంగ చెప్పు."